రాజీయా? వ్యాజ్యమా?

న్యాయకళాశాలలో వాదనల పోటీ అంటే తెలియనివారు అరుదు. నల్లకోటు తొడిగిన విద్యార్థి ఉత్తుత్తి న్యాయమూర్తుల ఎదుట నిలిచి, పూర్వపు తీర్పులను ఏకరువు పెట్టి, కంఠం హెచ్చించి వాదిస్తాడు. చూడవచ్చినవారికి కనులపండుగ. దాని పక్కగదిలో అంతగా చప్పుడు లేకుండా జరిగే పోటీ మరొకటి ఉన్నది. అక్కడ పీఠం ఉండదు. బంట్రోతు కేక ఉండదు. బల్ల ఒకటి, కుర్చీలు మూడు. బల్లకు ఒకవైపున న్యాయవాదుల పాత్ర వహించే విద్యార్థులిద్దరు. ఎదుట కక్షిదారు వేషం కట్టిన వ్యక్తి. గోడవారగా పరీక్షకులు మౌనంగా కూర్చొని వింటూ ఉంటారు. దీనినే కక్షిదారు సలహా పోటీ అంటున్నారు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించిన లూయీ బ్రౌన్ 1960ల చివరలో దీనికి బీజం వేసినాడు. వకీలు జీవితంలో అధికభాగం కోర్టుహాలులో కాక తన గదిలోనే గడుస్తుందని, ఆ గదిలో మెలగవలసిన తీరును కళాశాలలు నేర్పడం లేదని ఆయన వాదన. మన బార్ కౌన్సిల్ పాఠ్యప్రణాళిక కూడ ఈ సంగతి గుర్తించినది. న్యాయవాది కార్యాలయంలోనో, న్యాయసహాయ కేంద్రంలోనో కక్షిదారుతో జరిగే సంభాషణలను విద్యార్థి రెండుసార్లు స్వయంగా చూచి దినచర్యలో వ్రాసుకొనవలెనని అందులో నిర్దేశించినారు.

పోటీ నియమాలు సులభమైనవే. విద్యార్థులకు ముందుగా అందేది రెండు మూడు వాక్యాల చీటీ మాత్రమే. కక్షిదారు పాత్రధారికి మాత్రం రెండు మూడు పుటల రహస్యపత్రం ఇస్తారు. అందులో జరిగిన కథంతా ఉంటుంది. అడిగితేనే చెప్పవలసినవి, ఎంత అడిగినా మొదట దాచవలసినవి, మనసులో ఉన్న భయాలు, అసలు కోరిక, అన్నీ ఉంటాయి. ముప్పావుగంటకు మించని వ్యవధిలో విద్యార్థులు ఆమెతో మాట్లాడి, విషయం రాబట్టి, మార్గాలు చెప్పి, సాగనంపాలి. ఆమె వెళ్లిన పిమ్మట చివరి కొద్ది నిమిషాలు తమలో తాము జరిగినదాన్ని సమీక్షించుకొనవలె. పరీక్షకులు దానిని కూడ వింటారు. చట్టం ఎంత తెలుసుననే దానికి మార్కులు లేకపోలేదు గాని, ఎక్కువభాగం మార్కులు వినడానికి, అడగడానికి, ఆమె నిర్ణయాన్ని ఆమెనే చేసుకోనిచ్చిన తీరుకు పోతాయి.

ఈ పోటీలకు సమస్యలు కూర్చే పద్ధతిలోనే కల్పించిన ఒక సమస్యను తీసుకొని, అది బల్లమీద ఎట్లా విచ్చుకొంటుందో చూడడం మేలు. విద్యార్థుల చీటీలో ఉన్నది ఇంతే: “ప్రెషర్ కుక్కరు మూత ఎగిరి గాయపడిన గృహిణి. కంపెనీవారు రాజీకి ఉత్తరం వ్రాసినారు. సలహా కావాలి.”

ఆమె వచ్చి కూర్చొంటుంది. చేతిసంచిలోనుంచి ఉత్తరం తీసి బల్లమీద పెడుతుంది. కంపెనీవారు 60,000 రూపాయలు, కొత్త కుక్కరు ఇస్తామన్నారు. బదులుగా పాత కుక్కరును వారికి అప్పగించవలె. ఇక ఎట్టి హక్కూ లేదని సంతకం చేయవలె. ఈ సంగతి ఎవరితోను చెప్పరాదు. గడువు పదిహేను రోజులు. అందులో పది అప్పుడే గడిచినవి.

“పుచ్చుకోమంటారా, వద్దంటారా? అదొక్కటి చెప్పండి బాబూ,” అంటుంది.

తొలి ఉచ్చు ఇదే. ప్రశ్న సూటిగా ఉన్నది కాబట్టి జవాబూ సూటిగా ఉండవలెనని విద్యార్థికి తోస్తుంది. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడుస్తాడన్న సామెత మనవారి నాలుకమీద ఉండనే ఉన్నది. ‘కన్యాశుల్కం’ చదివినవారికి అగ్నిహోత్రావధానుల వ్యాజ్యాల పిచ్చి గుర్తుకు రాకమానదు. ఈ సామెత పట్టుకొని కొందరు రాజీ పడమని, చట్టం పుస్తకం పట్టుకొని కొందరు దావా వేయమని రెండో నిమిషంలోనే తీర్పు చెప్పి కూర్చొంటారు. ఇరువురూ ఆ క్షణమే పోటీ పోగొట్టుకొన్నవారు. ఏమంటే, ఆమె ఏమి పోగొట్టుకొన్నదో, ఏమి కోరుతున్నదో ఇంకా ఎవ్వరూ అడగలేదు.

నేర్పరి అయిన జట్టు ఉత్తరాన్ని పక్కన పెడుతుంది. “చెబుతామమ్మా. ముందు ఆ రోజు జరిగినది మీ మాటల్లో మొదటినుంచీ చెప్పండి. మేము మధ్యలో అడ్డురాము,” అంటుంది విద్యార్థిని. ఆమె చెబుతుంది: పద్నాలుగు నెలల క్రితం 2,650 రూపాయలకు కొన్న కుక్కరు; అయిదు నెలల క్రితం ఒక ఉదయం పప్పు ఉడుకుతుండగా పెద్ద శబ్దం; మూత ఎగిరి, మరిగే పప్పు మెడమీద, కుడిచేతిమీద పడడం; తొమ్మిది రోజులు ఆస్పత్రి; ఖర్చు 70,000. ఈ కథలో ఒక ఖాళీ ఉన్నది. దానిని పట్టుకొనే ప్రశ్న ఇది: “శబ్దం వచ్చిన క్షణాన మీ చేయి ఎక్కడ ఉన్నదమ్మా?”

ఈ ప్రశ్న విలువ తెలియాలంటే కుక్కరు పనితీరు కొంచెం తెలియవలె. లోపలి ఆవిరి ఒత్తిడి హద్దు దాటకుండ మూతమీది బరువు, అంటే విజిలు, కాపాడుతుంది. పప్పునురుగు ఆవిరిగొట్టంలో చిక్కుకొని దారి మూసుకొన్నదనుకొందాము. అప్పటికోసం మూతకు రక్షణ బిళ్ల ఒకటి అమరుస్తారు. అందులోని మెత్తని మిశ్రమలోహం వేడి మితిమీరగానే కరిగి, ఆవిరికి రంధ్రం విడుస్తుంది. కొన్ని రకాలలో అంచున ఉండే రబ్బరు చుట్టు కూడ ఉబ్బి, ఒక కంత గుండా ఆవిరిని వదులుతుంది. ఇన్ని ఏర్పాట్లుండగా మూత ఎగిరినదంటే కారణాలు ముఖ్యంగా రెండు: రక్షణ సాధనం పనిచేయక పోవడం, లేదా ఆవిరి తగ్గకముందే ఎవరో మూతను బలవంతాన తిప్పడం. కంపెనీవారు రెండవదే అంటారు. ఆమె చేయి కత్తిపీట దగ్గర ఉన్నదా, కుక్కరు పిడిమీద ఉన్నదా అన్నదానిపై వ్యవహారమంతా ఆధారపడుతుంది.

రహస్యపత్రంలో జవాబు ఉన్నది. ఆమె పొయ్యికి మూరెడు దూరాన బెండకాయలు తరుగుతున్నది. పొరుగింటి ఆవిడ గుమ్మంలో నిలబడి పంచదార అడుగుతున్నది. అంటే సాక్షి దొరికినట్లే. మరొక సంగతి కూడ ఉన్నది: గాయాలు మెడమీద, ముంజేతిమీద, చేతి వెనుకవైపున ఉన్నాయి; అరచేతిమీద లేవు. పిడి పట్టుకొని తిప్పిన చేతికి గాయాలు ఈ తీరున పడతాయా అని వైద్యుని అడగవచ్చును. ఆస్పత్రి కాగితాలలో గాయాల స్థానం వ్రాసి ఉంటుంది. విద్యార్థులు ఆ కాగితాల నకలు అడిగి పుచ్చుకొనవలె.

రెండవ మంచి ప్రశ్న: “వైద్యం పూర్తి అయినదా?” ఆమె తలవంచుకొంటుంది. మణికట్టు దగ్గర చర్మం ముడుచుకొని చేయి పూర్తిగా వంగడం లేదు. మరొక శస్త్రచికిత్స కావలెనని, 80,000 దాకా అవుతుందని డాక్టరు చెప్పినాడు. భర్తకు ఆ సంగతి ఇంకా చెప్పలేదు. అప్పటిదాకా సరిపోతుందనుకొన్న 60,000 ఆ క్షణంలో ఎంత చిన్నదైపోయినదో పరీక్షకుల ముఖాలలో కనబడుతుంది. సంతకం చేసినదంటే ఆ ఎనభైవేలూ ఆమె నెత్తిమీదనే పడతాయి. రాజీకాగితంలో “ఇకముందు ఎట్టి హక్కూ లేదు” అన్న మాటకు అర్థం అదే.

మూడవది అన్నిటికంటె కష్టమైనది. “కొన్న తరువాత కుక్కరులో ఏదైనా మార్చినారా?” చాలామంది విద్యార్థులు ఇది అడగరు, అడిగితే కక్షిదారును శంకించినట్లవుతుందని జంకు. అడిగినవారికి ఆమె నసిగి నసిగి చెబుతుంది: మూడు నెలలు ముందుగా రబ్బరు చుట్టు సాగిపోతే, సంతలో నలభై రూపాయలకు దొరికినది వేసినది. వెంటనే అడుగుతుంది: “ఆ మాట మనం చెప్పకపోతే పోలేదా బాబూ? ఆ రబ్బరు సంగతి వాళ్లకేమి తెలుసు?”

ఇక్కడ తొందరపడి నీతిబోధ మొదలుపెట్టిన విద్యార్థికి మార్కులు పోతాయి. తలూపినవానికి అంతకంటె ఎక్కువ పోతాయి. చెప్పవలసిన మాట ఇట్లా ఉండవచ్చును: “అమ్మా, మీరు చెప్పినది మీ అనుమతి లేకుండ మేము ఎవ్వరికీ చెప్పము. ఐతే, రబ్బరు మార్చలేదని మాత్రం మేము వ్రాయము. మీచేత ప్రమాణం చేయించము. కుక్కరును పరీక్షించినవాడు చూపుతోనే పట్టుకొంటాడు. అప్పుడు మీరు చెప్పిన నిజాలను కూడ ఎవ్వరూ నమ్మరు.” ఇందులో నీతి ఉన్నది, నీతి కంటె ఎక్కువగా లోకజ్ఞానం ఉన్నది. ఆమెకు తలకెక్కేది ఆ రెండవదే.

ఆపైన చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జులై 20నుండి అమలులోనికి వచ్చినది. లోపమున్న వస్తువువల్ల మనిషికి హాని జరిగితే తయారీదారు బాధ్యతను ఇందులో ప్రత్యేకంగా ఒక అధ్యాయంలో చెప్పినారు. తయారీలో లోపం, రూపకల్పనలో లోపం, సరైన హెచ్చరికలు ఇవ్వకపోవడం, వీటిలో ఏది రుజువైనా చాలును. కంపెనీ అజాగ్రత్తగా ఉన్నదని వేరుగా నిరూపించనక్కర లేదు. ఐతే లోపం ఉన్నదని చూపవలసిన భారం గాయపడినవారి మీదనే ఉంటుంది. రబ్బరు మార్పిడి సంగతిలో ఒక సూక్ష్మం ఉన్నది. వస్తువును మార్చినా, దుర్వినియోగం చేసినా దావా చెల్లదని ఆ చట్టం 87వ సెక్షనులో చెప్పినది వస్తువును అమ్మినవానిని గురించి. తయారీదారును అది అంత తేలికగా విడిచిపెట్టదు. అతడు హాని కలిగినది ఆ రబ్బరువల్లనే గాని తన లోపంవల్ల కాదని వాదించుకొనవలె. ఈ తేడా ఎరుగని జట్టు, రబ్బరు మాట వినగానే కేసు పోయినదని చేతులెత్తేస్తుంది. ఎరిగిన జట్టు మరొక ప్రశ్న వేస్తుంది: “రక్షణ బిళ్ల అసలుదేనా? అది కరిగినదా?” బిళ్ల కంపెనీ అమర్చినదే, చెక్కుచెదరకుండ అట్లాగే ఉన్నదని ఆమె జవాబు. కరగవలసినప్పుడు అది కరగలేదని నిపుణుడు తేల్చితే, ఆమె పక్షానికి అంతకంటె బలం లేదు.

ఇప్పుడు లెక్క వేయవచ్చును. పోటీలలో ఎక్కువమంది తప్పించుకొనేది ఇక్కడనే. “మంచి పరిహారం వస్తుందమ్మా” అంటారు, ఎంతో చెప్పరు. కాగితంమీద వేసి చూపడం మర్యాద. అయిన వైద్యం 70,000. కావలసిన వైద్యం 80,000. బాధకు, వేదనకు 1,50,000 అడుగుదాము. గెలిచి అంతా వస్తే మూడు లక్షలు. వకీలు ఫీజు, నిపుణుని ఖర్చు, రాకపోకలు కలిపి 40,000 అనుకొందాము. గెలిచే అవకాశం సగం అయితే, మూడు లక్షలలో సగం లక్షాయాభై వేలు. ఖర్చు తీసివేస్తే 1,10,000. అవకాశం మూడింట ఒక వంతే అయితే, లక్ష. ఖర్చు పోను 60,000. అంటే కంపెనీ ఇవ్వజూపుతున్న మొత్తమే. కనుక ప్రశ్న ‘రాజీయా, వ్యాజ్యమా’ అని కాదు. గెలిచే అవకాశం మూడింట ఒక వంతుకంటె ఎక్కువా, తక్కువా అనేది. ఈ వంతులు ఊహలే గాని వేదవాక్యాలు కావని ఆమెకు చెప్పక తప్పదు. రూపాయలలోకి దిగని సంగతులు కూడ ఉన్నాయి. పరీక్ష అవసరమైన ఫిర్యాదులను అయిదు నెలలలో తేల్చడానికి ప్రయత్నించవలెనని చట్టం చెబుతున్నా, ఆచరణలో రెండు మూడేళ్లు పట్టడం అరుదు కాదు. ఆపైన రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు ఉన్నది. ఆమె మామగారు పొలంగట్టు వ్యాజ్యంలో ఇరవై ఏళ్లు తిరిగినాడట. కోర్టుమెట్లు అనగానే ఆమె చేతులు వణకడానికి కారణం అదే. ఇది కూడ రహస్యపత్రంలోనిదే, అడిగినవారికే దక్కుతుంది.

ఆ వంతును ఏది పెంచుతుంది, ఏది తగ్గిస్తుంది? చిన్న విషయాలను విడిచిపెడితే, ఒక్కటే: వంటింటి అటకమీద గోనెసంచిలో ఉన్న పగిలిన కుక్కరు. జిల్లా కమిషన్ దానికి సీలు వేయించి ప్రయోగశాలకు పంపగలదు. నలభైఅయిదు రోజులలో నివేదిక రావలె. కరగని బిళ్ల, సంత రబ్బరు, ఆవిరిగొట్టం, అన్నీ అందులోనే ఉన్నాయి. కంపెనీవారు అరవైవేలకు కొనుక్కోజూస్తున్నది ఆమె నోటిని మాత్రమే కాదు, ఆ కుక్కరును కూడ. ఉత్తరంలో నాలుగవ పంక్తిలో, కొత్త కుక్కరు ఇస్తామన్న తీపిమాట పక్కనే, పాతది అప్పగించవలెనన్న షరతు మామూలు మార్పిడి వలె కనబడుతుంది. పాతది పోయి, రాజీ సొమ్ము ఏ కారణం చేతనైనా చేతికి రాకపోతే, ఆమెకు మిగిలేది గాయమే. ఈ షరతును ఉత్తరం చదివిన మొదటి నిమిషంలోనే గుర్తించి, చివరిదాకా మనసులో ఉంచుకొన్న జట్టునే పరీక్షకులు మెచ్చుకొంటారు.

అప్పుడు విద్యార్థులు ఆమె ముందు పెట్టే దారులు రెండు కావు. ఉత్తరాన్ని ఉన్నది ఉన్నట్లు ఒప్పుకోవడం ఒకటి. ఒప్పుకోకుండ, కుక్కరును ఇవ్వకుండ, రానున్న శస్త్రచికిత్సను లెక్కలో చేర్చి ఎదురు ఉత్తరం వ్రాయడం మరొకటి: కావలిస్తే మీ మనిషి, మా మనిషి కలిసి కుక్కరును చూడవచ్చు, కదిలించరాదు అని. అది ఫలించకపోతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు. అయిదు లక్షల లోపు వెలగల వస్తువుకు అక్కడ రుసుము లేదు. ఆమె కాపురమున్న జిల్లాలోనే వేయవచ్చును. ఫిర్యాదు వేసినంత మాత్రాన రాజీ దారి మూసుకొనదు. మొదటి విచారణలోనే, సర్దుబాటుకు అవకాశమున్నదని కమిషన్‌కు తోస్తే, ఇరుపక్షాలు సమ్మతిస్తే మధ్యవర్తి దగ్గరికి పంపుతుంది. అయిదు రోజులలో సమ్మతి తెలుపవలె. కంపెనీవారి పదిహేను రోజుల గడువు కంపెనీవారిదే. చట్టం ఇచ్చిన గడువు హాని జరిగిననాటినుంచి రెండేళ్లు. అందులో గడిచినది అయిదు నెలలే. ఈ ఒక్క వాక్యం వినగానే పాత్రధారిణి కుర్చీలో కొంచెం వెనక్కు వాలుతుంది. రహస్యపత్రంలో అట్లా వాలమని ఎవ్వరూ వ్రాయలేదు.

చివర విద్యార్థిని అడుగుతుంది: “డబ్బు కాక, మీకు ఇంకేమి కావాలమ్మా?” ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్లు ఆమె చెబుతుంది. మొన్ననే పెళ్లయిన చెల్లెలికి అదే కంపెనీ కుక్కరు తానే కొని ఇచ్చినది. ఇంకెందరి ఇళ్లలో ఉన్నదో తెలియదు. ఎవరితోనూ చెప్పరాదన్న షరతు ఆమెకు డబ్బు తక్కువ కావడం కంటె ఎక్కువగా గుచ్చుకొంటున్నది. విద్యార్థులు చెప్పగలిగినది ఉన్నది: ప్రెషర్ కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. గుర్తును తప్పనిసరి చేసిన ఉత్తర్వు 2021 ఫిబ్రవరి 1నుంచి అమలులో ఉన్నది. ఆమె కుక్కరుమీద ఆ గుర్తు ఉన్నదో లేదో చూచి, జిల్లా కలెక్టరుకు గాని, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థకు గాని వేరుగా వ్రాసుకొనవచ్చును. ప్రమాదకరమైన వస్తువును వెనుకకు తెప్పించే అధికారం ఆ సంస్థకు ఉన్నది. రాజీకాగితంమీద నోరు మూసే షరతుతో సంతకం చేసిన తరువాత ఈ పని చిక్కులలో పడుతుంది గనుక, సంతకానికి ముందే ఆలోచించవలె.

“మీరైతే ఏమి చేస్తారు?” అని ఆమె లేస్తూ అడుగుతుంది. అనుభవం లేని జట్టు ఇక్కడ జారిపోతుంది. అనుభవమున్నది, కుక్కరును అప్పగించవద్దన్న సలహాను నిస్సంకోచంగా చెప్పి, తక్కినదాన్ని ఆమెకే విడిచిపెడుతుంది. భర్తకు శస్త్రచికిత్స సంగతి చెప్పి, ఇద్దరూ కలిసి మూడు రోజులలో రమ్మంటుంది. ఆమె “గెలిస్తే అందులో మీరే నాలుగోవంతు పుచ్చుకోండి” అంటే, వ్యాజ్యఫలంలో వాటా పుచ్చుకోవడం న్యాయవాదికి బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించినవని చెప్పి, ఫీజు ఎంతో ఉన్నది ఉన్నట్లు చెబుతుంది.

ఆమె తలుపు దాటిన తరువాత ఇద్దరూ తమలో తాము మాట్లాడుకొంటారు. మంచి జట్టు మాటలు ఇట్లా సాగుతాయి: పొరుగింటి ఆవిడ వాంగ్మూలం ఈ వారంలోనే వ్రాయించాలి; శస్త్రచికిత్స అంచనా డాక్టరు సంతకంతో కావాలి; రబ్బరు విషయం ఎదురు ఉత్తరంలో మనంతట మనం ఎత్తకూడదు, అబద్ధమూ వ్రాయకూడదు, ఆ వాక్యం ఎట్లా కూర్చాలో ఆలోచించాలి; మామగారి వ్యాజ్యం మాట వచ్చినప్పుడు మనం తొందరగా దాటిపోయినాము. పరీక్షకులు కలాలు పట్టుకొంటారు. గదిలో మిగిలిన చీటీమీద విద్యార్థిని చేతివ్రాతలో మొదటి పని ఉంటుంది: కుక్కరు, మూత, బిళ్ల, రబ్బరు, ఉన్నవి ఉన్నట్లు, కడగకుండ, తెల్లగుడ్డలో కట్టి, ఫొటో తీసి, తేదీ వేసి, తాళంలో పెట్టించడం.